ఓడితేనే వాడికి కమీషన్

మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం మొదలయ్యేదాకా రైతుకు పని ఉండదు. సోమల నుంచి తెల్లవారుజామున కాయ ఎక్కించుకుని వచ్చినవాళ్లు క్రేట్ల పక్కనే కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. ఆ రోజు మా మేనల్లుడు కూడా అదే పనిలో ఉన్నాడు. ఒక రీలు రెండుసార్లు చూసి, ఫోను నా చేతికిచ్చాడు.

నలభై సెకన్ల వీడియో. కారు బానెట్ మీద అయిదు వందల నోట్ల కట్టలు. పాతికేళ్ల కుర్రవాడు మన యాసలోనే మాట్లాడుతున్నాడు. పొద్దున రెండు వేలు పెట్టాననీ, మధ్యాహ్నానికి ఇరవై ఆరు వేలయ్యాయనీ చెప్పి ఫోన్ తెర చూపిస్తున్నాడు. చివర్లో, ‘బయోలో లింకు ఉంది, నా కోడ్ వాడితే బోనస్ వస్తుంది, స్లాట్లు కొన్నే ఉన్నాయి’ అన్నాడు.

“ఊరికే చెప్తాడా మామా? వాడికేమి లాభం?” అన్నాడు మావాడు.

వాడు వేళాకోళానికి అడిగినా, అడగాల్సిన ప్రశ్న అదే. వాడికేమి లాభం? దీనికి జవాబు దొరికితే ఆ నలభై సెకన్లలో మిగతాదంతా దానంతటదే విడిపోతుంది. జవాబు వెతకడానికి మార్కెట్‌ను మించిన చోటు లేదు. ఎందుకంటే అక్కడ ప్రతి రైతుకూ కమీషన్ అంటే ఏమిటో తెలుసు.

మండీ వ్యాపారి మన సరుకు వేలం వేసి, వచ్చిన మొత్తంలో వందకింత అని పట్టుకుంటాడు. అతని మీద మనకు ఎన్ని ఫిర్యాదులైనా ఉండవచ్చు. కానీ కాయ ధర పెరిగితే అతని కమీషన్ కూడా పెరుగుతుంది. 2023 జూలైలో మదనపల్లెలో మేలురకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లినప్పుడు రైతుతో పాటు మండీ కూడా బాగుపడింది. అంటే కొంతమేరకైనా ఇద్దరి లాభం ఒకే దిక్కున నడుస్తుంది. బెట్టింగ్ యాప్ లింకు పెట్టే కుర్రవాడూ కమీషన్ ఏజెంటే. కాకపోతే అతని లాభం నడిచే దిక్కు వేరు.

ఆ కమీషన్ మూడు రకాలుగా వస్తుంది. మొదటిది, వీడియోకు ఇంత అని ఒకేసారి ఇచ్చే మొత్తం. రెండోది తలకింత లెక్క. లింకు నొక్కి, యాప్ దించుకుని, మొదటిసారి డబ్బు జమ చేసిన ప్రతి మనిషికీ నిర్ణీతమైన సొమ్ము. మూడోది వాటా. ఆ లింకు ద్వారా చేరినవాళ్లు పోగొట్టుకున్న డబ్బులో వందకింత. ఇలాంటి విదేశీ బెట్టింగ్ కంపెనీల భాగస్వామి పథకాల్లో పాతిక నుంచి నలభై శాతం దాకా వాటా చూపించడం మామూలే. ఆ మనిషి యాప్‌లో ఉన్నంతకాలం ఈ వాటా వస్తూనే ఉంటుంది.

ప్రోమో కోడ్ పని ఇదే. చూసేవాడికి అది బోనస్ తాళంచెవిలా కనిపిస్తుంది. కంపెనీకి మాత్రం ఈ మనిషి ఎవరి ఖాతా కింద చేరాడో గుర్తుపెట్టే ముద్ర అది. మార్కెట్లో క్రేటు మీద మండీ పేరు రాసినట్టు, కోడ్ కొట్టగానే మన మీద ఆ కుర్రవాడి పేరు పడుతుంది. ఆ తర్వాత మనం వేసే ప్రతి పందెమూ, పోగొట్టుకునే ప్రతి రూపాయీ అతని లెక్కలో కనబడుతుంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక రీలు లక్ష మంది చూశారు. వందకు ఒక్కరు లింకు నొక్కితే వెయ్యి మంది. వాళ్లలో పదో వంతు డబ్బు వేస్తే నూరు మంది. ఒక్కొక్కరు నెలలో మూడు వేలు పోగొట్టుకుంటే మొత్తం మూడు లక్షలు. ముప్పై శాతం వాటా అంటే ఆ కుర్రవాడికి తొంభై వేలు. ఇక్కడ గమనించాల్సింది, చూసినవాళ్లలో తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల మంది పట్టించుకోకపోయినా అతనికి నష్టం లేదు. వెయ్యికి ఒక్కడు చాలు. ‘నేనెప్పుడూ పడను’ అని మనం అనుకోవచ్చు. ఆ వీడియో మనకోసం తీసింది కాదు, ఆ వెయ్యిలో ఒక్కడి కోసం తీసింది. ఆ ఒక్కడు గెలిస్తే మాత్రం వాటాలో ఏజెంటుకు మిగిలేది ఏమీ లేదు.

ఇప్పుడు వీడియో లోపలికి వెళదాం. తెర మీద ఇరవై ఆరు వేలు కనిపించింది కదా. ఆ అంకె అబద్ధం కానక్కర లేదు, అది నిజంగానే తెర మీద ఉంది. అయితే అది ఎవరి డబ్బు? ప్రచారం చేసేవాళ్లకు కంపెనీలు డెమో ఖాతాలు ఇస్తాయి. అందులో బ్యాలెన్స్ కంపెనీ నింపేది. ఓడినా జేబు చిరగదు. పది ఆటలు ఆడి, గెలిచిన మూడింటిని కత్తిరించి అతికిస్తే వరసగా గెలిచినట్టు ఉంటుంది. బ్యాంకు మెసేజీ చూపించినా అది జమకు రుజువు మాత్రమే. ఆ జమ గెలుపు సొమ్మా, ప్రచారానికి ఇచ్చిన కూలీనా అన్నది మెసేజీ చెప్పదు. ఒక రకంగా చూస్తే అతను అబద్ధమాడటం లేదు. ఆ యాప్ వల్లే అతనికి డబ్బు వస్తోంది. కాకపోతే ఆడి కాదు, ఆడించి.

రీలు మొదటి మెట్టు మాత్రమే. లింకు చాలాసార్లు నేరుగా యాప్‌కు పోదు, టెలిగ్రామ్ ఛానల్‌కు పోతుంది. అక్కడ ‘ప్రిడిక్షన్’ ఇస్తామంటారు. ఇందులో ఒక పాత కిటుకు ఉంది. వెయ్యి మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎరుపు, ఇంకో గుంపుకు ఆకుపచ్చ చెబితే, ఏది వచ్చినా అయిదు వందల మందికి సరిగ్గా చెప్పినట్టే. వాళ్లను మళ్లీ సగం చేస్తే 250 మంది, ఆ తర్వాత 125 మంది. మూడు ఆటలు వరసగా కరెక్టుగా చెప్పినవాడిని ఆ 125 మంది దేవుడిలా చూస్తారు. మిగతా 875 మందికి ఏమైందో ఈ 125 మందికి కనబడదు. గెలిచినవాళ్ల స్క్రీన్‌షాట్లే ఛానల్లో ఉంటాయి, ఓడినవాళ్ల వ్యాఖ్యలు తీసేస్తారు.

ఆ తర్వాత ఆట. మన పల్లెల్లో ఎక్కువగా తిరిగే కలర్ ప్రిడిక్షన్ ఆటనే తీసుకుందాం. నిమిషానికి ఒకసారి సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె వస్తుంది. 1, 3, 7, 9 ఆకుపచ్చ. 2, 4, 6, 8 ఎరుపు. 5 వస్తే ఆకుపచ్చతో పాటు వంగపండు రంగు, 0 వస్తే ఎరుపుతో పాటు వంగపండు రంగు. ‘రంగు కరెక్టయితే రెట్టింపు’ అంటారు. నియమాల పేజీలో తరచుగా కనిపించే చిన్న అక్షరాలు ఇలా ఉంటాయి: పందెం మీద రెండు శాతం సర్వీసు ఛార్జీ, మిగిలినదానికి రెట్టింపు, 5 లేదా 0 వస్తే మాత్రం ఒకటిన్నర రెట్లు.

నూరు రూపాయలు ఆకుపచ్చ మీద పెట్టామనుకోండి. ఛార్జీ పోగా 98. పది అంకెల్లో నాలుగింటికి 196 వస్తుంది. ఒక అంకెకు, అంటే 5కు, 147 వస్తుంది. మిగతా అయిదింటికి సున్నా. పది ఆటలకు ఒక్కో అంకె ఒక్కోసారి వచ్చిందనుకుంటే, పెట్టింది వెయ్యి. వచ్చేది నాలుగు 196లు, అంటే 784, దానికి 147 కలిపితే 931. అరవై తొమ్మిది రూపాయలు పోయాయి. ప్రతి నూటికీ సగటున దాదాపు ఏడు రూపాయలు.

నూటికి ఏడంటే పెద్దగా అనిపించదు. చీటీలో, వడ్డీలో అంతకంటే ఎక్కువ చూసినవాళ్లం. కానీ అది ఏడాదికో నెలకో కాదు, నిమిషానికి. గంటకు అరవై ఆటలు, ఆటకు నూరు చొప్పున వేస్తే పందెంలో తిరిగిన మొత్తం ఆరు వేలు. అందులో సగటున 414 రూపాయలు కంపెనీకి. రోజు కూలీ ఒక గంటలో, ఏ మోసమూ జరగకుండానే. పైగా అంకె నిజంగా యాదృచ్ఛికంగా వస్తోందని నమ్మితేనే ఈ లెక్క. ఏ రంగు మీద తక్కువ డబ్బు పడిందో కంపెనీకి ముందే తెలుసు. అంకెను తీసేది కూడా కంపెనీ యంత్రమే. మధ్యలో తనిఖీ చేసేవాడు లేడు.

“ఓడితే రెట్టింపు వెయ్యాల మామా, ఎప్పుడో ఒకసారి తగల్తుంది కదా, అంతా వచ్చేస్తుంది” అన్నాడు మావాడు. ఇది కూడా వీడియోల్లో నేర్పేదే. ‘లెవెల్ ప్లాన్’ అని దానికో పేరు. లెక్క వేసి చూద్దాం.

100, 200, 400, 800, 1,600, 3,200, 6,400. ఏడు మెట్లకు పెట్టాల్సిన మొత్తం 12,700 రూపాయలు. ఏడుసార్లు వరసగా ఓడటం ఎక్కడైనా జరుగుతుందా అనిపిస్తుంది. ఏ ఏడు ఆటలు తీసుకున్నా 128కి ఒకసారి జరుగుతుంది. కానీ అరవై ఆటలు ఆడితే ఆ ఏడు ఎక్కడినుంచైనా మొదలు కావచ్చు. అందుకే ఒక గంట ఆటలో ఆ దెబ్బ తగిలే అవకాశం దాదాపు అయిదింట ఒకటి. అయిదు గంటలు ఆడితే మూడింట రెండు వంతులు.

ఇంకో సంగతి వీడియోలో ఎవరూ చెప్పరు. రెండు శాతం ఛార్జీ వల్ల గెలుపు కూడా మెట్టుమెట్టుకూ అరిగిపోతుంది. అయిదో మెట్టులో గెలిస్తే అప్పటిదాకా పెట్టింది 3,100, వచ్చేది 3,136. ముప్పై ఆరు రూపాయలు మిగులు. ఆరో మెట్టులో గెలిస్తే పెట్టింది 6,300, వచ్చేది 6,272. గెలిచినా ఇరవై ఎనిమిది రూపాయలు నష్టం. ఏడో మెట్టులో గెలిచినా 156 రూపాయలు నష్టం. ‘ఎప్పుడో ఒకసారి తగిలితే అంతా వచ్చేస్తుంది’ అన్న మాట ఆరో మెట్టు దగ్గరే అబద్ధమైపోతుంది. అందుకే కొందరు రెట్టింపు కాదు, మూడు రెట్లు వెయ్యమంటారు. అప్పుడు ఏడు మెట్లకు కావలసింది లక్షా తొమ్మిది వేల మూడు వందలు. ఆ డబ్బు మన దగ్గర ఉండదు కాబట్టే ఎవరో అప్పిచ్చే యాప్ ప్రకటన దాని వెనకే వస్తుంది.

మావాడు క్రేటు మీద గోటితో గీసి 6,300లోంచి 6,272 తీసేసి చూసుకున్నాడు. ఇంక మాట్లాడలేదు.

బోనస్ గురించి రెండు మాటలు చెబితే చాలు. ‘అయిదు వందలు వేస్తే ఇంకో అయిదు వందలు మావి’ అంటారు. కింద షరతు ఉంటుంది: జమ, బోనస్ కలిపిన మొత్తానికి ఇరవై రెట్లు పందెం కట్టాకే డబ్బు బయటికి తీయవచ్చని ఉందనుకోండి. వెయ్యికి ఇరవై రెట్లు ఇరవై వేలు. నూటికి 6.9 చొప్పున ఇరవై వేల మీద సగటు నష్టం 1,380. చేతిలో ఉన్నది వెయ్యి. అంటే సగటున షరతు తీరేలోపే డబ్బు తీరిపోతుంది. బోనస్ ఎంత అన్నది కాదు, ఎన్ని రెట్లు తిప్పాలి అన్నది చదవాలి.

ఇప్పటిదాకా చెప్పింది ఊళ్లో కుర్రవాళ్ల సంగతి. సినిమా వాళ్లు చేసే ప్రచారం తీరు వేరు. వాళ్లకు సాధారణంగా వచ్చేది ఒప్పందం మేరకు ఇచ్చే పెద్ద మొత్తం. మనం ఓడటంతో వాళ్లకు నేరుగా పని ఉండదు. వాళ్ల నుంచి కంపెనీ కొనేది వేరే సరుకు: నమ్మకం. ‘ఇంత పెద్ద మనిషి చెబుతున్నాడంటే ఇది గవర్నమెంటు ఒప్పుకున్నదే అయి ఉంటుంది’ అని మనమే అనుకుంటాం. ఆ మాట ప్రకటనలో ఎక్కడా ఉండదు.

2025లో తెలుగు నేల మీద ఈ రెండు రకాల ప్రచారమూ ఒకేసారి పోలీసు స్టేషన్‌కెక్కింది. అప్పట్లో తెలంగాణ ఆర్టీసీ ఎండీగా ఉన్న వి.సి. సజ్జనార్ బెట్టింగ్ యాప్‌ల ప్రచారకుల వీడియోలను పేర్లతో సహా ఎండగడుతూ సోషల్ మీడియాలో వరసగా పోస్టులు పెట్టారు. ఫిబ్రవరిలో విశాఖ పోలీసులు చేపల వేట వీడియోలతో పేరు తెచ్చుకున్న లోకల్ బాయ్ నానిని అరెస్టు చేశారు. మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట స్టేషన్‌లో పదకొండు మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు నమోదైంది. రెండు రోజులకే మియాపూర్ స్టేషన్ కేసులో రానా, విజయ్ దేవరకొండ, ప్రకాశ్ రాజ్, మంచు లక్ష్మి లాంటి నటుల పేర్లు చేరాయి. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. జూలై, ఆగస్టు నెలల్లో ఈడీ ఈ నలుగురినీ పిలిచి విచారించింది. కేసులో పేరు ఉండటం వేరు, నేరం రుజువు కావడం వేరు. ఆ తేడా పాఠకుడు మరచిపోకూడదు.

నాకు ఇందులో పాఠంగా కనిపించింది ఆ నటుల వివరణ. తాము ప్రచారం చేసింది నైపుణ్యం మీద ఆధారపడిన ఆటలకనీ, చట్టం ఒప్పుకునే ప్రాంతాలకే ఆ ఒప్పందం పరిమితమనీ రానా, విజయ్ దేవరకొండల తరఫున ప్రకటనలు వచ్చాయి. రానా ఒప్పందం 2017లోనే ముగిసిందని చెప్పారు. ప్రకాశ్ రాజ్ తాను 2016లో ఒక ప్రకటనలో నటించి, అది తప్పని గ్రహించి ఒప్పందం పొడిగించలేదని చెప్పారు. ఈ వివరణలో రెండు మాటలు ఉన్నాయి: ‘నైపుణ్యం’, ‘చట్టం ఒప్పుకునే ప్రాంతాలు’. ప్రకటనల్లో కూడా అవే మాటలు ఉండేవి. రెంటికీ మన తెలుగు రాష్ట్రాలతో సంబంధం ఉంది.

పేకాటలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు అన్నది మన హైదరాబాద్ ప్రాంతపు కేసులోనే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు అది, కె. సత్యనారాయణ కేసుగా 1968 నుంచి న్యాయ పుస్తకాల్లో ఉంది. పేకలు గుర్తుపెట్టుకోవడం, ఏది పారేయాలో ఏది ఉంచుకోవాలో తేల్చుకోవడం తెలివితో కూడిన పని అన్నది కోర్టు వాదన. అయితే నిర్వాహకుడు ఆట నుంచి లాభం గుంజుతుంటే అది నేరం కావచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. ప్రకటనలు మొదటి సగాన్ని తీసుకుని రెండో సగాన్ని వదిలేశాయి. పైగా నలుగురు ఎదురెదురుగా కూర్చునే క్లబ్బుకు, ముక్కలు పంచేది కంపెనీ ప్రోగ్రామే అయిన ఫోన్ తెరకు చాలా దూరం ఉంది. నిజంగా నైపుణ్యమే అయినా కొత్తగా చేరినవాడికి ఆ మాట ఏం చెబుతోంది? తనకంటే నైపుణ్యం ఎక్కువున్నవాడికి డబ్బు పోతుందనే కదా.

రెండో మాట ఇంకా చిత్రం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించాయి. ఆ తర్వాత కూడా డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటనలు తెలుగులో వచ్చాయి. చివరి రెండు సెకన్లలో ఊపిరాడని వేగంతో, ‘ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు ఆడరాదు’ అన్న మాట వినిపించేది. తెలుగు నటుడు తెలుగులో చెప్పిన ప్రకటన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకు కాకపోతే మరి ఎవరికి? బెంగళూరులో, చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకని కంపెనీ అనవచ్చు. కుప్పం లాంటి చోట ఆ వాదన ఎంత పలచనో తెలుస్తుంది. ఒక దిక్కున కర్ణాటక, ఒక దిక్కున తమిళనాడు, పని కోసం పొద్దున బెంగళూరు రైలెక్కి సాయంత్రం తిరిగొచ్చే కుర్రవాళ్లు. చట్టం సరిహద్దు దగ్గర ఆగుతుంది, ప్రకటన ఆగదు. లొకేషన్ మార్చే యాప్ ఎలా వాడాలో నేర్పే వీడియోలు కూడా ఆ ఏజెంటు కుర్రవాళ్లే పెట్టారు.

అసలు పేరు చెప్పకుండా చేసే ప్రచారం ఇంకొకటి ఉంది. బెట్టింగ్ కంపెనీ తన పేరుకే ‘న్యూస్’ అనో ‘స్పోర్ట్స్’ అనో తోక తగిలించి, క్రికెట్ వార్తల సైటులా ప్రకటన ఇస్తుంది. రంగులు అవే, బొమ్మ అదే. పేరు వెతికినవాడికి మాత్రం పందేల సైటు దొరుకుతుంది. కేంద్ర సమాచార శాఖ 2022 అక్టోబరులో ఇలాంటి ప్రకటనలు వేయవద్దని టీవీ ఛానళ్లకూ వెబ్‌సైట్లకూ సూచన ఇచ్చింది. ఒక వార్తల సైటుకు ఇంత ఖరీదైన ప్రకటనలు ఇచ్చే స్తోమత ఎక్కడిదని అడిగితే చాలు, ముసుగు జారిపోతుంది.

2025 ఆగస్టులో ఈ వాదనలకు పార్లమెంటు అడ్డుకట్ట వేసింది. ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఉభయ సభల్లో నెగ్గి, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించే చట్టమిది. ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. దీంతో పేరున్న దేశీయ కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి, పెద్ద తారల ప్రకటనలు కనుమరుగయ్యాయి. కానీ విదేశాల నుంచి నడిచే యాప్‌లకు ఇక్కడ ఆఫీసు లేదు, బోర్డు లేదు. వాటికి మిగిలిన దారి మా మేనల్లుడు చూసిన ఆ నలభై సెకన్ల రీలే.

కాబట్టి ఆ రీలును మళ్లీ మొదటినుంచి చూద్దాం. ఈసారి ఆపి ఆపి.

మన యాసలో మాట్లాడాడు. యాస దగ్గరితనం తెస్తుంది, అతని ఊరు ఏదో పేరేదో మాత్రం చెప్పదు. బానెట్ మీద నోట్లు చూపించాడు. వీడియో కోసం కారు, నోట్లు తెచ్చుకోవచ్చు. ఒకవేళ అతనివే అయినా, ఆడి సంపాదించాడా, ఆడించి సంపాదించాడా అన్నది వీడియోలో లేదు. రెండు వేలు ఇరవై ఆరు వేలయ్యాయన్నాడు. అది ఒక్క రోజు లెక్క. నెలంతా వేసిందెంత, తీసిందెంత అన్న స్టేట్‌మెంటు చూపించలేదు. వ్యవసాయంలోనూ ఇంతే. నాలుగు కాపుల్లో ధర దొరికిన ఒక్క కాపు గురించే చెప్పేవాడిని మనం నమ్మం. స్లాట్లు కొన్నే ఉన్నాయన్నాడు. ఎంతమంది చేరితే అంత లాభం ఉన్న వ్యాపారంలో స్లాట్లు అయిపోవడమేమిటి? ఆ మాట మనల్ని తొందరపెట్టడానికి తప్ప మరెందుకూ కాదు.

అతను చెప్పనిది కూడా చదవాలి. ప్రచారానికి డబ్బో కానుకో తీసుకుంటే, ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, స్పష్టంగా కనబడేలా ఆ సంగతి చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రీలులో ‘ఇది ప్రకటన’ అన్న మాట లేదు. నష్టం అన్న మాట కూడా లేదు.

లింకు నొక్కినవాడికి మరో రెండు గుర్తులు కనిపిస్తాయి. యాప్ ప్లే స్టోర్ నుంచి కాకుండా ఫైలుగా దిగుతుంది, ఫోన్ భద్రతా హెచ్చరికను పక్కన పెట్టమంటుంది. డబ్బు వేసే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కంపెనీ పేరు రాదు. ఇవాళ ఒక మనిషి పేరు, రేపు ఇంకో ఊరి కిరాణా కొట్టు పేరు వస్తుంది. అవి అద్దెకు తీసుకున్న బ్యాంకు ఖాతాలు. నెలకు ఇంత ఇస్తామని మన కుర్రవాళ్ల పాసుపుస్తకం, సిమ్ అడిగేది ఇందుకే. ఆ ఖాతాలో పడిన డబ్బుకు పోలీసులు మొదట వచ్చేది ఖాతా పేరున్నవాడి ఇంటికే.

మొదట్లో మూడు, నాలుగు వందలు తీసుకోనిస్తారు. ఆ నమ్మకంతో పెద్ద మొత్తం వేశాక, బయటికి తీయబోతే ‘ముందు 30 శాతం పన్ను కట్టండి’ అంటారు. ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే. కానీ దాన్ని ఇచ్చేవాడే కోసుకుని మిగతాది ఇవ్వాలి. 2023 ఏప్రిల్ నుంచి ఆ నియమం ఉంది. పన్ను పేరుతో మన చేతి నుంచి ఇంకా డబ్బు అడిగారంటే అది పన్ను కాదు. అక్కడే ఆగిపోవాలి. స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబర్లు దాచుకుని వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే చెబితే ఆ మొత్తాన్ని ఆపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ‘నేను ఆడింది కూడా తప్పే కదా’ అన్న సిగ్గుతో ఆలస్యం చేయడమే చాలామంది డబ్బును దక్కకుండా చేస్తోంది.

ఆ రోజు మా కాయకు వచ్చిన ధర గొప్పది కాదు. మండీ చీటీలో కమీషన్ పోను మిగిలింది రాసిచ్చారు. మావాడు ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, “వాడి చీటీ ఎవురూ చూపీరు కదా మామా” అన్నాడు.

ఈసారి మీ ఫోన్లోకి అలాంటి రీలు వస్తే గెలుపు ఎంతో చూడకండి. చీటీ అడగండి: ఎవరి కోడ్ ఇది, నేను ఓడితే అందులో నీకెంత? ఈ ప్రశ్నను ఆ వీడియో కింద రాసి చూడండి. జవాబు రాదు. చాలాసార్లు ఆ ప్రశ్ననే తీసేస్తారు.